ప్రతిసారీ సారీ నేనే చెప్పాలా?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. పెళ్లయి ఐదేళ్లు. ఏ గొడవైనా గంటలోపే నేనే సారీ చెప్పేస్తాను. చెప్పకపోతే ఆయన రెండు మూడు రోజులు మాట్లాడరు, ఆ టెన్షన్ నేను భరించలేను. మొన్న నెల్లూరు నుంచి వచ్చిన మా నాన్నను కేఆర్ పురం స్టేషన్ నుంచి ఇంటికి తీసుకురావడం ఆయన మర్చిపోయారు. నాన్న ముందే గట్టిగా అరిచాను. చివరికి సారీ కూడా నేనే చెప్పాను. "నీ సారీకి విలువేముంది, రోజూ చెప్తావుగా" అన్నారు. ఏం చేయను?

జవాబు: ఆ మాట మీకు ముల్లులా గుచ్చుకుని ఉంటుంది. అయినా ఒకసారి ఆలోచించండమ్మా. ఆ రోజు మీరు సారీ చెప్పింది దేనికి? అరిచినందుకా, ఆయన మౌనం భరించలేకనా? మౌనం పోగొట్టడానికి చెప్పే సారీ అవతలివాళ్లకు తెలిసిపోతుంది. అందుకే ఆయనకు అది చులకనైంది. మీకేమో, స్టేషన్‌లో బ్యాగు పట్టుకుని ఎదురుచూసిన నాన్న ముఖం మనసులోంచి పోలేదు. ఆ బాధ ఇంకో రోజు కూరలో ఉప్పు దగ్గర బయటికొస్తుంది.

నష్టం ఆయనకూ ఉంది. గొడవయ్యాక తనంతట తాను మళ్లీ దగ్గరికి రావడం ఈ ఐదేళ్లలో ఆయనకు అలవాటే కాలేదు. ఆ అవసరం రాకముందే మీరే ఆయన దగ్గరికి వెళ్లిపోతున్నారు. మౌనంగా ఉంటే చాలు, అంతా సర్దుకుంటుందని ఆయన నేర్చుకున్నారు.

సారీ మానేయమని నేను చెప్పను. మీ వంతు ఎంతో అంతకే చెప్పండి. "నాన్న ముందు గొంతు పెంచాను, అది నా తప్పే. స్టేషన్‌కి రానందుకు మాత్రం నాకింకా బాధగానే ఉంది. రాత్రి భోజనాలయ్యాక మాట్లాడుకుందాం." ఇంతే. రెండోసారి సారీ వద్దు. కోపం బాగా ఎక్కినప్పుడు గుండె దడదడలాడుతుంటే ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు, కాబట్టి కనీసం 20 నిమిషాలు విడిగా ఉండి, ఆ తర్వాతే మాట్లాడండి. ఈ మార్పు సంగతి గొడవ లేని రోజునే ఆయనకు చెప్పి ఉంచండి, లేకపోతే పంతం పట్టారనుకుంటారు.

మొదట్లో మౌనం ఇంకో రోజు ఎక్కువే సాగవచ్చు. ఆ రోజు కాఫీ ఇవ్వండి, ఇంటి పనుల మాటలు మామూలుగానే మాట్లాడండి. మీరూ మూతి ముడుచుకుంటే అది పంతమే అవుతుంది. అయితే సారీ చెప్పకపోతే ఆయన కొడతారనో, వస్తువులు విసురుతారనో, ఖర్చులకు డబ్బు ఆపేస్తారనో భయపడి చెబుతుంటే ఈ సలహా మీకు కాదు. అప్పుడు ఆయనతో తేల్చుకోవాలని చూడకుండా 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

ఆ భయం లేకపోతే, ఆయన వైపు నుంచి వచ్చే చిన్న కదలికను గమనించండి. చాలామంది మగవాళ్లు సారీ అన్న మాటతో రారు. "టీ పెట్టనా?" అంటూ వస్తారు. ఆ టీ తీసుకోండి. తాగాక, "ఆ రోజు స్టేషన్ సంగతి మాట్లాడుకుందామా?" అని అడగండి. ఈసారి ముందు ఆయన్నే మాట్లాడనివ్వండి, మధ్యలో మీరు సర్దిచెప్పకండి.