ప్రీమియం సగం పెంచారని టర్మ్ పాలసీ వదులుకుంటారా?

ప్రశ్న: వయసు 40. ఖమ్మంలో ప్రైవేటు ఉద్యోగం, జీతం ఏడాదికి 14 లక్షలు. ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్ ఇంకా 32 లక్షలు ఉంది. 75 ఏళ్ల వరకు ఉండేలా 1.5 కోట్ల టర్మ్ పాలసీకి ఆన్‌లైన్‌లో ఏడాదికి 40 వేలు చూపించింది. మెడికల్ టెస్టుల తర్వాత 60 వేలు కట్టమని లెటర్ పంపారు. నాలుగేళ్లుగా షుగర్ ఉన్న మాట నిజమే, మాత్రలతో కంట్రోల్‌లోనే ఉంది. తెలిసిన ఏజెంట్ ఇది వదిలేసి వేరే కంపెనీలో షుగర్ సంగతి రాయకుండా తీసుకుందాం, మూడేళ్లు దాటితే ఎవరూ అడగరు అంటున్నాడు. పైగా ఈ కంపెనీలు మన రిస్కును విదేశీ కంపెనీలకు అప్పగిస్తాయట. రేపు క్లెయిమ్ ఎవరిస్తారు? పాలసీ మానేసి, ఆ డబ్బుకు తోడు 15 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని ప్లాట్ కొంటే మేలా?

జవాబు: ఆ లెటర్‌లో మీ అంగీకారానికి గడువు తేదీ ఉంటుంది. ముందు అది చూసుకోండి. ఆ గడువులోపే ఒప్పుకోమని నా సలహా. మీలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ప్రీమియం పెరిగిందనగానే అవమానంగా భావించి పాలసీ వదిలేసేవాళ్లు కొందరు, వేరే చోట నిజం దాచి తీసుకునేవాళ్లు కొందరు. ఈ రెండు దారుల్లో ఏది పట్టినా నష్టపోయేది ఇంట్లోవాళ్లే. అందుకే ఆ 20 వేలు ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం వివరంగా చెబుతాను.

ఆన్‌లైన్‌లో కనిపించిన 40 వేలు మీకోసం కట్టిన ధర కాదు. పొగతాగని, ఏ జబ్బూ లేని 40 ఏళ్ల మనిషి ధర అది. దానికి పునాది మరణాల పట్టిక. మన దేశంలో జీవిత బీమా కంపెనీలు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ తయారు చేసిన 2012-14 పట్టికను ఆధారంగా తీసుకుంటాయి. దాని ప్రకారం 40 ఏళ్ల వయసులో ఏడాదికి వెయ్యి మందిలో చనిపోయేవారు సుమారు 1.7 మంది. 50 ఏళ్లకు అది 4.4 అవుతుంది. 60 దగ్గరకు వచ్చేసరికి 11 దాకా వెళ్తుంది. ప్రీమియం మాత్రం మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది వరకు ఒకటే. అంటే 40ల్లో మీరు కట్టేదాంట్లో కొంత భాగం, మీ 60లు, 70లలో పెరిగే రిస్కు కోసం ముందుగానే పక్కన పెడుతున్నారు. ఈ విషయం గుర్తుంచుకోండి, ప్రీమియం తగ్గించుకునే మార్గం ఇందులోనే ఉంది.

ఇక కంపెనీ తరఫున మీ రిస్కును లెక్కగట్టే అండర్‌రైటర్ మీ ఫైలు చూసి చేసిన పని ఇది. సాధారణ ఆరోగ్యం ఉన్న మనిషిని 100 పాయింట్లుగా లెక్కిస్తారు. రిస్కు పెంచే ప్రతి విషయానికీ కొన్ని పాయింట్లు కలుపుతారు, మంచి విషయాలు ఉంటే కొన్ని తీసేస్తారు. ఉదాహరణకు నాలుగేళ్ల షుగర్, మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఏడు దాటి ఉండటం, ఈ రెండూ కలిపి 50 అనుకోండి. ఎత్తుకు మించిన బరువు ఉంటే ఇంకో 25. బీపీ, కొలెస్ట్రాల్, ఈసీజీ బాగుంటే 25 తగ్గుతుంది. మొత్తం 150. దానర్థం, మీలాంటి రిపోర్టులున్న మనుషుల గుంపులో మరణాలు మామూలు గుంపుతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు ఉంటాయని వాళ్ల అంచనా. ఇవి మీకు అర్థం కావడానికి నేను వేసిన అంకెలే. అసలు పాయింట్లు ఒక్కో కంపెనీలో ఒక్కో రకంగా ఉంటాయి, వాటిని బయటకు చూపించరు. కానీ లెక్క నడిచే తీరు ఇదే. ఎవరో మీ మీద కోపంతో వేసిన 20 వేలు కావవి. 150ని దాటి ఇంకా పైకి పోయేకొద్దీ ఏదో ఒక దశలో కంపెనీలు పాలసీ ఇవ్వడమే మానేస్తాయి. మీకు ఇస్తామన్నారు. నా దృష్టిలో అది మంచి వార్త.

రిస్కును విదేశీ కంపెనీకి అప్పగిస్తారన్న మాటలో సగం నిజం ఉంది. ఒక మనిషి మీద తాను మోయగలిగింది ఇంత అని ప్రతి బీమా కంపెనీ ఒక హద్దు పెట్టుకుంటుంది. ఆ హద్దు 25 లక్షలు అనుకుందాం. మీ 1.5 కోట్లలో 25 లక్షలు తన దగ్గర ఉంచుకుని, మిగతా 1.25 కోట్ల రిస్కును రీఇన్సూరెన్స్ కంపెనీకి ఇస్తుంది. మీ ప్రీమియంలో ఆ వాటా రిస్కుకు సరిపడా భాగాన్ని కూడా ఏటా పంపిస్తుంది. రీఇన్సూరర్లలో మన ప్రభుత్వ రంగ జీఐసీ రీ ఉంది. మ్యూనిక్ రీ, స్విస్ రీ, ఆర్‌జీఏ లాంటివి 2016 చివరి నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతితో ఇక్కడ శాఖలు పెట్టి పనిచేస్తున్నాయి.

అయితే వాళ్లకూ మీకూ మధ్య ఏ ఒప్పందమూ లేదు. మీ పాలసీ మీద సంతకం మీ బీమా కంపెనీది. క్లెయిమ్ వస్తే మీ నామినీకి 1.5 కోట్లూ ఆ కంపెనీయే చెల్లించాలి. తన వాటా తెచ్చుకోవడం దాని తలనొప్పి. రీఇన్సూరర్ ఆలస్యం చేసిందని మీ భార్యను ఆపే హక్కు కంపెనీకి లేదు. ఈ విషయంలో టెన్షన్ వద్దు.

అసలు రీఇన్సూరర్ ప్రభావం మీ మీద పడేది క్లెయిమ్ దగ్గర కాదు, ఇప్పుడు ఈ లెటర్ దగ్గర. రిస్కులో పెద్ద భాగం వాళ్లు మోస్తున్నారు కాబట్టి, ఏ జబ్బుకు ఎన్ని పాయింట్లు వేయాలో చెప్పే మాన్యువల్ చాలావరకు వాళ్లదే ఉంటుంది. ఆ మాన్యువల్‌కు, ఒప్పందంలో రాసుకున్న మొత్తానికి లోబడి ఉన్న ఫైళ్లను బీమా కంపెనీ తనంతట తానే ఒప్పుకోవచ్చు. అది దాటితే ఫైలును రీఇన్సూరర్‌కు పంపి, వాళ్ల అభిప్రాయం వచ్చేదాకా ఆగాలి. కొందరికి నిర్ణయం వారాల తరబడి ఆలస్యం కావడానికి ఇదొక కారణం. మాన్యువల్ ప్రకారం 150 అని తేలిన మనిషికి, బ్రాంచి మేనేజర్‌తో పరిచయం ఉందని 100 వేసి ఇస్తే, రేపు రీఇన్సూరర్ తన వాటా ఇవ్వనంటే మొత్తం భారం కంపెనీ మీదే పడుతుంది. అందుకే ఏజెంటు బతిమాలినా, మీరు కస్టమర్ కేర్‌కు పదిసార్లు ఫోన్ చేసినా ఆ అంకె కదలదు. బీమా కంపెనీలు చాలా ఉన్నా వాటి వెనకున్న రీఇన్సూరర్లు కొద్దిమందే. కాబట్టి ఇంకో కంపెనీ దగ్గరకు వెళ్లినా ఇంచుమించు ఇదే మాట వినే అవకాశం ఎక్కువ. కొంత తేడా రావచ్చు కాబట్టి, నిజం రాసి ఇంకో చోట అడిగి చూడటంలో తప్పు లేదు. చేతిలో ఉన్న ఆఫర్ గడువు మాత్రం పోనివ్వకండి.

ఏజెంటు చెప్పింది చేస్తే ఏమవుతుందో చూడండి. కొత్త కంపెనీ ప్రపోజల్ ఫారంలో షుగర్ ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. గతంలో ఏ కంపెనీ అయినా మీ ప్రపోజల్ తిరస్కరించిందా, ఎక్కువ ప్రీమియం అడిగిందా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. అంటే ఒకటి కాదు, రెండు అబద్ధాలు రాయాలి. ఆ తర్వాత వాళ్లూ రక్తపరీక్ష చేస్తారు. పరీక్ష రోజు పొద్దున ఏమీ తినకుండా వెళ్లినంత మాత్రాన మూడు నెలల సగటు దాగదు.

ఒకవేళ అన్నీ దాటుకుని పాలసీ చేతికి వచ్చిందనుకుందాం. మూడేళ్ల మాట ఎక్కడిదంటే, 1938 బీమా చట్టం 45వ సెక్షన్‌ది. మూడేళ్లు నిండాక ఏ కారణం చూపించీ పాలసీని ప్రశ్నించకూడదని అది చెబుతుంది. నిజమే. కానీ ఆ మూడేళ్లలో మీకేమైనా అయితే? ఆ కాలంలో వచ్చే క్లెయిమ్‌ను, అందులోనూ కోటి దాటినదాన్ని, కంపెనీ తప్పకుండా విచారిస్తుంది. డాక్టర్ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, మీ ఆఫీసు మెడిక్లెయిమ్ కాగితాలు అన్నీ వెతుకుతారు. నాలుగేళ్ల మాత్రలు ఎక్కడా రాతలో లేకుండా ఉండవు. దాచారని తేలితే 1.5 కోట్ల బదులు కట్టిన ప్రీమియాలు మాత్రం తిరిగి వస్తాయి. మోసం అని నిరూపిస్తే ఆ మాత్రం కూడా రాకపోవచ్చు. ఇంకో సంగతి ఏజెంట్ చెప్పి ఉండడు. మధ్యలో ప్రీమియం కట్టడం మరిచి పాలసీ ల్యాప్స్ అయి, మళ్లీ పునరుద్ధరించుకుంటే ఆ మూడేళ్ల లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. 32 లక్షల ఇంటి లోన్, చదువుకునే పిల్లలు ఉన్న మనిషి ఇంత సన్నని దారం మీద ఇంటిని వేలాడదీయకూడదు.

ఇప్పుడు ప్రీమియం తగ్గించుకునే మార్గం. మీకు 75 ఏళ్ల దాకా కవర్ ఎందుకు? అప్పటికి లోన్ తీరిపోయి, పిల్లలు స్థిరపడి, మీ జీతమే ఆగిపోయి ఉంటుంది. పట్టికలో చూశారుగా, 60 దాటాక మరణాల రేటు వేగంగా పైకి పోతుంది. ఆ 15 ఏళ్ల ఖరీదైన రిస్కుకు మీరు ఈరోజు నుంచే కడుతున్నారు, మీ 50 శాతం పెంపు కూడా దాని మీదే పడుతోంది. పాలసీని 60 లేదా 62 ఏళ్లకు కుదించి ప్రీమియం మళ్లీ లెక్కగట్టమని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. పెంపుతో కలిపి కూడా అది మీరు మొదట చూసిన 40 వేలకు అటూ ఇటూగా రావచ్చు. కచ్చితమైన అంకె కంపెనీయే చెప్పాలి. సమ్ అష్యూర్డ్ మాత్రం ఒక్క లక్ష కూడా తగ్గించవద్దు. పాలసీకి తోడుగా తీసుకున్న అదనపు కవర్లు, అంటే రైడర్లు ఏవైనా ఉంటే తీసేయండి.

ఆలస్యం ఎందుకు వద్దంటున్నానంటే, రీఇన్సూరర్లు కొత్త పాలసీలకు రేట్లు మారుస్తూ ఉంటారు. 2020లో ఒకసారి, కోవిడ్ మరణాల తర్వాత మరోసారి రేట్లు పెంచారు, దాంతో టర్మ్ ప్రీమియాలు పెరిగాయి. అప్పటికే పాలసీ చేతిలో ఉన్నవాళ్ల ప్రీమియం మాత్రం ఒక్క రూపాయి మారలేదు. ఒకసారి జారీ అయ్యాక మీ షుగర్ పెరిగినా, రీఇన్సూరర్ రేటు పెంచినా మీరు కట్టేది అదే. రెండేళ్ల తర్వాత బరువు, హెచ్‌బీఏ1సీ బాగా తగ్గితే, ఈ పాలసీ నడుస్తుండగానే ఇంకో కంపెనీలో అన్నీ రాసి అడగండి. వయసు పెరిగినా చవకగా వస్తే, కొత్త పాలసీ జారీ అయ్యాకే పాతది ఆపండి.

ఆఫీసులో గ్రూప్ టర్మ్ ఉంటే ఉంచుకోండి, కానీ ఉద్యోగం మారిన రోజే అది పోతుంది. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇక ప్లాట్ గురించి ఒక్కమాట. ఇంటి లోన్ 32 లక్షలు ఉండగా, టర్మ్ కవర్ లేకుండా, పర్సనల్ లోన్‌తో స్థలం కొనడాన్ని నేను పెట్టుబడి అనను. మీకేమైనా అయితే మీ భార్య చేతిలో మిగిలేవి రెండు ఈఎంఐలు, వెంటనే అమ్ముడుపోని ఒక జాగా. ఆ ఆలోచన పూర్తిగా మానేయండి. ఈ వారంలోనే కాలవ్యవధి తగ్గించిన ప్రీమియం లెక్క తెప్పించుకోండి. అది వచ్చేలోపు గడువు తేదీ మీద పడుతుంటే, 60 వేలకైనా సరే సంతకం పెట్టండి. పాలసీ చేతికి వచ్చాక, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల ఫ్రీలుక్ గడువు ఉంటుంది. కాలవ్యవధి మార్చడానికి కంపెనీ అప్పుడు ఒప్పుకుంటుందేమో అడగండి, ఒప్పుకోకపోయినా పాలసీని మాత్రం రద్దు చేసుకోకండి.