పాత సహోద్యోగికి లింక్డిన్ సిఫారసు: “రెండు మంచి మాటలు” ఎలా రాయాలి?

రాయగడ దగ్గర ఒక కాగితపు మిల్లులో కొన్నేళ్లు పనిచేసి, ఇటీవలే కెనడాలోని అల్బర్టాకు వచ్చిన ఒక సోదరి అడిగిన సందేహం ఇది. మిల్లులో తనతో పాటు నిర్వహణ విభాగంలో పనిచేసిన గుణుపురం యువకుడు ఇప్పుడు విదేశాలలో ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకుంటూ, “అక్కా, లింక్డిన్‌లో నా గురించి రెండు మంచి మాటలు రాసి పెట్టు” అని అడిగాడట. ఆమె రాసి నాకు పంపిన చిత్తుప్రతి సారాంశం ఇలా ఉంది: “ఆయన కష్టపడి పనిచేసే నిజాయితీపరుడు. అందరితో కలుపుగోలుగా ఉంటారు. ఎంతటి ఒత్తిడిలోనైనా చిరునవ్వుతో పనిచేస్తారు. ఏ సంస్థలో చేరినా ఆ సంస్థకు గొప్ప ఆస్తి అవుతారు. ఆయన భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాను.” ఇది సరిపోతుందా అని ఆమె ప్రశ్న.

ఇందులో అబద్ధం లేదు. కానీ ఆయన పేరు తీసి ఆ విభాగంలోని మరెవరి పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చవలసిన అవసరం రాదు. మా బరంపురం వైపైనా, మీ రాయగడ వైపైనా మనమంతా బడి వదిలేటప్పుడు హెడ్మాస్టరు ఇచ్చిన నడవడి సర్టిఫికెట్ భాషకు అలవాటుపడినవాళ్లమే. ఆ కాగితంలో పేరు తప్ప మిగిలినదంతా ముందే అచ్చయి ఉండేది. ఇక్కడ కెనడాలో ఉద్యోగానికి మనుషులను ఎంచేవారు ఇటువంటి సిఫారసులను చాలా చూసి ఉంటారు కనుక, అటువంటి మాటలు ఎదురైతే చదవకుండానే కిందికి జరిపేస్తారు. పైగా లింక్డిన్ పుటలో పొడవైన సిఫారసులో మొదటి కొన్ని పంక్తులు మాత్రమే కనిపిస్తాయి, మిగిలినది నొక్కి తెరవాలి. అందువల్ల “ఆయన గురించి రాయడం నాకెంతో ఆనందంగా ఉంది” అని మొదలుపెడితే, కనిపించే ఆ కాస్త చోటూ మర్యాదకే ఖర్చయిపోతుంది.

ఆమెను నేను మొదట అడిగింది, ఆయన ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నారని. ఆమెకు తెలియదు. ఇది తెలుసుకోకుండా రాయడం మొదలుపెట్టకూడదు. మనిషికి పది మంచి గుణాలు ఉండవచ్చు, కానీ ఒక సిఫారసు ఒక గుణాన్ని మాత్రమే నమ్మేటట్లు చూపగలదు, ఆ ఒక్కటి ఏదో ఎదుటి ఉద్యోగం చెబుతుంది. కనుక్కుంటే, ఆయన నిర్వహణ పనుల ప్రణాళిక చూసే ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నారని తెలిసింది. మిల్లులో ఈమె పని కూడా అదే, అంటే మరమ్మతుల కోసం యంత్రాలు ఆపే షట్‌డౌన్‌లో ఏ పనులు చేయాలో, వాటికి ఏ విడిభాగాలు కావాలో ముందుగా జాబితా తయారుచేయడం. ఆయన రాత్రి షిఫ్టులో యంత్రాల మరమ్మతు చూసేవారు. అంటే ఆయన పని ఫలితం ప్రతి ఉదయం ఈమె బల్ల మీదికి వచ్చేదన్న మాట. ఇంతకంటే మంచి సాక్షి ఆయనకు దొరకడం కష్టం.

రెండవ ప్రశ్న, ఆయన సెలవు పెట్టిన వారంలో మీకు ఏ పని కష్టమయ్యేది అని. “మంచివాడా?” అని అడిగితే విశేషణాలు వస్తాయి, ఇలా అడిగితే సంఘటనలు వస్తాయి. ఆమె రెండు విషయాలు చెప్పారు. మొదటిది, మిగిలిన షిఫ్టులవాళ్లు రాత్రి జరిగిన మరమ్మతులను పొద్దున్న నోటిమాటగా చెప్పి వెళ్లిపోయేవారు, ఈయన మాత్రం సొంతంగా ఒక రిజిస్టరు పెట్టుకుని చేసిన పని, మిగిలిపోయిన పని, స్టోర్ నుంచి తీసిన విడిభాగం వేర్వేరు వరుసలలో రాసేవారు. ఆయన లేని వారంలో ఈమె ఒక్కొక్క ఫిట్టరుకు ఫోను చేసి అడిగి తెలుసుకోవలసి వచ్చేది. రెండవది, విద్యుత్తు ఆపి తాళం వేసి ట్యాగ్ కట్టే ముందు, ఏ వాల్వు మూశారో, ఏ స్విచ్ ఆపారో కాంట్రాక్టు కార్మికుల చేతనే తిరిగి చెప్పించేవారట, ఒడియా రానివాళ్లతో కువి భాషలో మాట్లాడేవారట.

రెండవ విషయం విన్నప్పుడు నాకూ అదే రాయమనాలనిపించింది, ఎందుకంటే ఇక్కడి పరిశ్రమలలో భద్రతకు ఇచ్చే ప్రాధాన్యం మీకు తెలియనిది కాదు. అయితే ఆమె వాక్యాల చివర “అట” ఉంది. రాత్రి షిఫ్టులో యంత్రం దగ్గర ఆమె ఎన్నడూ లేరు, అది విన్నమాట. విన్నదాన్ని చూసినట్లుగా రాస్తే, రేపు ఎవరైనా ఫోను చేసి “ఆ పద్ధతి కొంచెం వివరించండి” అన్నప్పుడు ఆమె దగ్గర జవాబు ఉండదు, నష్టం ఆయనకు జరుగుతుంది. ఆ విషయాన్ని ఆయనతో రాత్రులు పనిచేసిన ఎలక్ట్రీషియనే రాయాలి. అడగమని ఆమె ద్వారా ఆయనకు కబురు పెట్టాను. రిజిస్టరు సంగతి మాత్రం ఆమె కళ్లారా చూసినది, ఆమె చేతిలోకి వచ్చినది. కనుక రాయవలసింది అదే.

“ఆయన వల్ల యంత్రాలు ఆగిపోవడం ముప్పై శాతం తగ్గింది అని రాయవచ్చా?” అని ఆమె అడిగారు. ఆ లెక్క ఎవరు కట్టారు అంటే ఎవరూ కట్టలేదు. అంకె ఉంటే సిఫారసుకు బరువు వస్తుందన్నది నిజమే కానీ, చేతిలో ఆధారం లేని అంకె ఉన్న బరువును కూడా తీసేస్తుంది. ఆధారం ఉన్నా, పాత సంస్థ ఉత్పత్తి లెక్కలూ, యంత్రాలు చెడిపోయిన వివరాలూ బహిరంగంగా పెట్టడం మంచిది కాదు. అంకెకు బదులుగా ఒక పని పేరు చెప్పండి అని అడిగితే, గుజ్జు పంపు సంగతి చెప్పారు. అందులో గ్లాండ్ అంటే తిరిగే షాఫ్టు దగ్గర కారకుండా ప్యాకింగ్‌ను అదిమి ఉంచే భాగం, స్లీవ్ అంటే అక్కడ షాఫ్టు అరగకుండా తొడిగే గొట్టం. ఆ కథతో, ఇంగ్లీషులోకి మార్చే ముందు మేము తెలుగులో తయారుచేసుకున్న పాఠం ఇది:

“మేమిద్దరం ఒకే కాగితపు మిల్లు నిర్వహణ విభాగంలో మూడేళ్లు కలిసి పనిచేశాం. ఆయన రాత్రి షిఫ్టులో మరమ్మతులు చూసేవారు, నేను షట్‌డౌన్ పనుల ప్రణాళిక తయారుచేసేదాన్ని. రాత్రి జరిగిన పని పొద్దుటికి నోటిమాటగా అందడమే అలవాటైన చోట, ఆయన తన షిఫ్టుకు ఒక రిజిస్టరు పెట్టి చేసిన పనిని, మిగిలిన పనిని, వాడిన విడిభాగాన్ని విడివిడిగా రాసేవారు. ఒకసారి గుజ్జు పంపు గురించి ‘గ్లాండ్ బిగించాం, కారడం తగ్గింది కానీ ఆగలేదు, షాఫ్టు స్లీవ్ అరిగి ఉండవచ్చు’ అని రాశారు. ఆ వాక్యం చూసి నేను గ్లాండ్ ప్యాకింగ్‌తో పాటు స్లీవ్‌ను కూడా ముందుగా తెప్పించి ఉంచాను. షట్‌డౌన్‌లో విప్పి చూస్తే స్లీవ్ నిజంగానే అరిగి ఉంది, విడిభాగం కోసం ఎదురుచూడకుండా పని అదే రోజు పూర్తయింది. తాను చూసినదాన్నీ, తన అనుమానాన్నీ కలపకుండా రాయడం ఆయన అలవాటు. ప్రణాళిక పనిలో ఆయనతో మళ్లీ పనిచేసే అవకాశం వస్తే నేను వెంటనే ఒప్పుకుంటాను.”

కష్టపడి పనిచేసేవాడు, నిజాయితీపరుడు అన్న మాటలు ఇందులో ఎక్కడా లేవు, అయినా చదివినవారికి ఆ రెండూ అర్థమవుతాయి. పంపులు తెలిసినవారు చదివితే, ప్యాకింగ్ బిగించినా కారడం ఆగకపోతే స్లీవ్‌ను అనుమానించాలన్న సంగతి ఆయనకు తెలుసునని గ్రహిస్తారు. పంపులు తెలియని మానవ వనరుల విభాగంవారు చదివినా, ఒక మనిషి రాసిన వాక్యం వల్ల మరొకరి పని ముందుగా సిద్ధమైందన్న విషయం అందుతుంది. చివరి వాక్యం మామూలుదిలా కనిపిస్తుంది కానీ “ప్రణాళిక పనిలో” అన్న హద్దు వల్ల దానికి విలువ వచ్చింది. అన్ని పనులకూ పనికివస్తారని రాస్తే ఎవరూ నమ్మరు. లింక్డిన్ 3000 అక్షరాల వరకు రాయనిస్తుంది. అంత చోటు ఉంది కదా అని రెండవ కథ చేర్చితే మొదటిది పలుచబడుతుంది.

మనవాళ్లు ప్రేమతో చేర్చే కొన్ని మాటలను తీసివేయించాను. వినయవిధేయతలు గలవాడు, చెడు అలవాట్లు లేనివాడు, మంచి కుటుంబం నుంచి వచ్చినవాడు, కుటుంబ బాధ్యతలు మోస్తూ కూడా పనిచేశాడు, ఇవన్నీ మన ఊళ్లో గౌరవమైన మాటలే. ఇక్కడ మాత్రం కుటుంబం, వివాహం, వయస్సు, మతం, ఆరోగ్యం వంటివి ఉద్యోగపు నిర్ణయంలోకి రాకూడనివి కనుక, వాటిని చూస్తే చదివేవారికే ఇబ్బందిగా ఉంటుంది. ఇక “విధేయుడు” అంటే, చెప్పింది చేయడం తప్ప సొంతంగా ఆలోచించడేమో అనుకునే ప్రమాదం ఉంది.

పెట్టే పద్ధతి కష్టమైనది కాదు. ఇద్దరూ లింక్డిన్‌లో నేరుగా కనెక్ట్ అయి ఉండాలి. ఆయన ప్రొఫైల్ తెరిచి More నొక్కితే Recommend కనిపిస్తుంది. అందులో మీ ఇద్దరి సంబంధాన్నీ, అప్పటి ఆయన ఉద్యోగాన్నీ ఎంచుకోవాలి. ఇక్కడ చాలామంది గౌరవం కోసమో, తొందరలోనో, తాము ఆయనకు పైఅధికారి అన్న ఎంపికను నొక్కుతారు. మీరు ఒకే జట్టులో సమాన హోదాలో పనిచేశారు, అదే ఎంచుకోండి. పాఠంలో ఒకటి, పైన మరొకటి ఉంటే మొత్తం సిఫారసు మీద అనుమానం వస్తుంది. పంపిన తరువాత అది ముందుగా ఆయనకు చేరుతుంది, ఆయన ఆమోదిస్తేనే అందరికీ కనిపిస్తుంది, మార్పులు కావాలంటే ఆయన అడగవచ్చు. అయినా పంపే ముందు వాట్సాప్‌లో ఆయనకు చూపించి, సంవత్సరాలూ హోదా పేర్లూ సరిచూపించుకోవడం మేలు. ఆయన చేత పాఠమే రాయించుకుని అతికించడం మాత్రం వద్దు. గుర్తున్న సంఘటనలు పంపమనండి, వాక్యాలు మీవై ఉండాలి.

మీరు ఇచ్చిన సిఫారసులు మీ ప్రొఫైల్‌లో కూడా Given కింద కనిపిస్తాయన్న సంగతి చాలామంది గమనించరు. ఒకే పాఠాన్ని నలుగురికి పేర్లు మార్చి ఇచ్చినవారు అక్కడ దొరికిపోతారు. మీరు రాసిన రోజే ఆయన తిరిగి మీకు రాస్తే, తేదీలు పక్కపక్కనే ఉండి ఇచ్చిపుచ్చుకున్నట్లు కనిపిస్తుంది. ఆయన రాయాలనుకుంటే కొన్నాళ్లు ఆగి, మీ ప్రణాళిక వల్ల ఆయన షిఫ్టులో ఏ పని సులువైందో దాని గురించి రాయమనండి.

మీరు పంపిన పాఠం చూసి ఆయన “అక్కా, ఇంకొంచెం పొగడవచ్చు కదా” అని అడగవచ్చు. అప్పుడు విశేషణం చేర్చకండి. రిజిస్టరులో ఆయన రాసిన మరొక వాక్యం గుర్తుకొస్తే, స్లీవ్ కథ తీసి దాన్ని పెట్టి, రెండింటిలో ఏది దరఖాస్తు చేస్తున్న ఉద్యోగానికి దగ్గరగా ఉందో ఆయననే చెప్పమనండి.