రేంజ్ ఎక్కువుంటే ఆ దారి నమ్మలేనిదేనా?

"కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రెండు దారుల్లో పదేసి రోజులు టైమ్ రాశాను. మొదటిది: 38, 39, 40, 40, 40, 41, 41, 42, 42, 88 నిమిషాలు. రెండోది: 35, 37, 39, 42, 44, 46, 49, 51, 53, 55. అన్నిటికన్నా ఎక్కువ టైమ్‌లోంచి అన్నిటికన్నా తక్కువది తీసేస్తే రేంజ్ 50, 20 వచ్చాయి. రెండోదే నమ్మకమా?"

కాదండీ, మామూలు రోజులకు మొదటిదే నయం. ఆ 50 అంతా ఒక్క 88 చలవే, దాన్ని పక్కన పెడితే మిగతా తొమ్మిది రోజుల తేడా 4 నిమిషాలే. రేంజ్ చూసేది రెండు చివరలనే, మధ్యలో ఏం జరిగిందో దానికి పట్టదు. అందుకే ఆ వరసల్లోనే మూడో అంకెకీ ఎనిమిదో అంకెకీ తేడా తీయండి: మొదటి దారికి 40 నుంచి 42, అంటే 2 నిమిషాలు, రెండోదానికి 39 నుంచి 51, అంటే 12.

అలాగని 88ని కొట్టేయకండి. రాయడంలో తప్పా, వాన ట్రాఫిక్కా చూడండి, నిజమే అయితే ఇంటర్వ్యూ లాంటి రోజున లెక్కలోకి రావాల్సింది అదే.

ఇంకోటి, రోజులు కలుపుతూపోతే రేంజ్ పెరగొచ్చు గానీ తగ్గదు, కాబట్టి పది రోజుల రేంజ్‌ని నెల రోజులదానితో పోల్చొద్దు. ప్యాకింగ్ లైన్లో గంటకోసారి ఐదేసి ప్యాకెట్లు తూచేచోట మాత్రం శాంపిల్ చిన్నది, ఎప్పుడూ ఒకే సైజు, అక్కడ రేంజ్ హాయిగా సరిపోతుంది, ఉన్నట్టుండి పెరిగితే మెషిన్ చూసుకుంటారు.