హాజరు పట్టికకూ మినిట్స్‌కూ లెక్క కుదరకపోతే

“మా అపార్ట్‌మెంట్ సంఘం కమిటీ సమావేశంలో 8 సంతకాలున్నాయి, 5వ అంశం చర్చకు వచ్చేసరికి గదిలో అంతమంది లేరు. మినిట్స్‌లో మాత్రం ‘8 మంది ఏకగ్రీవంగా ఆమోదించారు’ అని రాశాను. ఎలా సరిచేయాలి?”

మీ పట్టికలో సంతకానికి తప్ప సమయానికి గడి లేకపోవడమే దీనికి కారణం కావచ్చు. సంతకం ఆ సభ్యుడు వచ్చాడని మాత్రమే చెబుతుంది, చివరిదాకా ఉన్నాడని చెప్పదు.

1. వరుస సంఖ్య, పేరు, ఫ్లాట్ నంబరు, వచ్చిన సమయం, సంతకం, వెళ్లిన సమయం అనే గడులు గీసి, సభ్యుల పేర్లను సభ్యత్వ రిజిస్టరులో ఉన్నట్లే ముందుగా రాసిపెట్టండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటే ఒకే మనిషి ఇద్దరిగా లెక్కకు వస్తాడు.

2. చాలామంది వదిలేసేది ఇదే: రాకపోకలను గడియారంతో పాటు అంశం సంఖ్యతో కూడా మినిట్స్‌లోనే, జరిగిన చోటే, “3వ అంశం చర్చకు ముందు ఫ్లాట్ 204 సభ్యుడు వచ్చారు” అన్నట్లుగా నమోదు చేయాలి. ఉదాహరణకు ఒకరు అలా ఆలస్యంగా వచ్చి, 4వ అంశం ముగిశాక ఇద్దరు వెళ్లిపోయి ఉంటే, 1, 2 అంశాలకు 7గురు, 3, 4కు 8 మంది, 5కు 6గురు హాజరైనట్లు. మీ బైలాస్‌లో కోరం 6 అయితే ఆ తీర్మానం నిలుస్తుంది. 7 అయితే దాన్ని మళ్లీ సమావేశం ముందుకు తేవాలి.

3. పాత పట్టికను దిద్దకండి. వచ్చే సమావేశంలో మినిట్స్ ధ్రువీకరించేటప్పుడు సవరణను చదివి, నమోదు చేసి, అధ్యక్షుని సంతకం తీసుకోండి.