బ్లీచ్‌లో వెనిగర్ కలిపితే ఏమవుతుంది?

ప్రశ్న: కిచెన్ సింక్, గట్టు బాగా తెల్లబడాలని బ్లీచ్‌లో వెనిగర్ గానీ యాసిడ్ గానీ కలిపి రుద్దవచ్చా?

అస్సలు కలపకూడదు, అలా కలిపితే కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు పుడుతుంది.

బ్లీచ్‌లో ఉండే సోడియం హైపోక్లోరైట్ క్షార గుణం ఉన్నంతవరకే నిలకడగా ఉంటుంది. ఆమ్లం తగిలితే అది విడిపోయి క్లోరిన్‌ను వదులుతుంది. బ్లీచింగ్ పౌడరుదీ ఇదే తీరు.

నిజానికి ఒకే బకెట్లో కలిపేవాళ్లు తక్కువ. పసుపు మరకల కోసం సింక్‌లో బ్లీచ్ పోస్తారు. అవి పోయినా, జాలీ చుట్టూ ఉప్పునీటి తెల్లటి పొర వదలదు. దానిమీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండే టాయిలెట్ క్లీనర్ వేస్తారు. మధ్యలో నీళ్లతో కడగకపోతే రెండూ అక్కడే కలుస్తాయి. క్లోరిన్ గాలికంటే దాదాపు 2.5 రెట్లు బరువు కాబట్టి సింక్‌లోనే పేరుకుని, వంగి రుద్దే మనిషి ముఖానికే తగులుతుంది.

ఘాటైన వాసన, కళ్ల మంట, దగ్గు మొదలైతే, కడిగేద్దామని అక్కడే నిలబడకుండా వెంటనే బయటి గాలిలోకి వెళ్లాలి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత పెరగవచ్చు కూడా, అప్పుడు ఆసుపత్రికి వెళ్లడం తప్పనిసరి.

వెనిగర్ తినే వస్తువే కదా, ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. వంటింటి వెనిగర్‌లో సుమారు 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, క్లోరిన్ పుట్టడానికి అది చాలు. నిమ్మరసమైనా అంతే.