అశ్వగంధ సీసాపై 5 శాతం వితనోలైడ్లు అంటే ఏమిటి?

ప్రశ్న: అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్ లేబుల్ మీద "5% వితనోలైడ్స్" అని ఉంది. మామూలు వేరు పొడికీ దీనికీ తేడా ఏమిటి? ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చా?

జవాబు: వితనోలైడ్లు అంటే అశ్వగంధలో పనిచేసే ముఖ్య పదార్థాలు. 100 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్ట్‌లో 5 మి.గ్రా. వితనోలైడ్లు ఉంటాయని అర్థం. మిగతా 95 మి.గ్రా. వేరులోని ఇతర పదార్థాలు, ఒక్కోసారి కలిపిన మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం వంటివి. కాబట్టి 300 మి.గ్రా. క్యాప్సూల్‌లో ఉండేది 15 మి.గ్రా.

మామూలు అశ్వగంధ వేరు పొడిలో, అంటే పెన్నేరు గడ్డ పొడిలో, ఇంత నిలకడ ఉండదు. నేలను బట్టి, వేరు వయసును బట్టి వితనోలైడ్ల శాతం మారుతుంది. 0.3 శాతం ఉందనుకుంటే ఆ 15 మి.గ్రా. రావడానికి 5 గ్రాముల పొడి కావాలి. చూర్ణాన్ని రోజుకు 3 నుంచి 6 గ్రాములు ఇవ్వడం అందుకే వింతేమీ కాదు. ప్రమాదం ఎక్కడంటే, ఎక్స్‌ట్రాక్ట్‌ను కూడా చూర్ణంలా చెంచాతో వేసుకోవడం. 3 గ్రాములకే 150 మి.గ్రా. లోపలికి వెళ్తాయి.

శాతం ఒక్కటే చూసి కొనకండి. ఒక్కో పదార్థాన్నీ విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీతో కొలిచారా, మొత్తంగా తూకం వేసే గ్రావిమెట్రిక్ పద్ధతిలోనా అన్నది ముఖ్యం. రెండో పద్ధతిలో వితనోలైడ్లు కానివి కూడా తూకంలోకి వచ్చి అంకె పెరుగుతుంది. అలాగే "వేరు మాత్రమే" అని రాసి ఉందో లేదో చూడండి. ఆకు కలిపితే శాతం చవకగా పెరుగుతుంది, కానీ అందులో కణాలకు హాని చేయగల వితాఫెరిన్-ఎ ఎక్కువ. ఆకు వాడొద్దని ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది. "10:1" అన్నది శాతం కాదు, 10 కిలోల వేరుకు కిలో ఎక్స్‌ట్రాక్ట్ తీశారని మాత్రమే.

గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవారు రెండూ వాడకూడదు. థైరాయిడ్ మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌ను అడగాలి.