250 రూపాయల సర్వీసింగ్, 1,800 రూపాయల సర్వీసింగ్

ప్రశ్న: మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ చాలా ఏళ్లు బీరువాలో ఉండి ఇప్పుడు నా చేతికి వచ్చింది. కీ ఇస్తే నడుస్తోంది, రోజుకు నిమిషం లోపే తేడా వస్తోంది. నడుస్తున్న వాచీకి సర్వీసింగ్ ఎందుకు? ఎన్నేళ్లకోసారి చేయించాలి? ఒక షాపులో 250 అడిగారు, మరో షాపులో 1,800 అడిగారు. ఏది న్యాయం?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రోజూ పెట్టుకోవాలన్న ఉద్దేశం ఉంటే ముందు సర్వీసింగ్ చేయించి, ఆ తర్వాతే పెట్టుకోండి. టైము సరిగ్గా చూపినంత మాత్రాన వాచీ లోపల అంతా సవ్యంగా ఉందని చెప్పలేము. జనతాలో ఉండే 0231 మెషీను సెకనుకు 5 సార్లు, అంటే రోజుకు 4,32,000 సార్లు టిక్కుమంటుంది. ఆ కదలికను మోసేవి వెంట్రుకంత సన్నని ఉక్కు ఇరుసు మొనలు. అవి తిరిగేది కృత్రిమ కెంపుల్లో తొలిచిన రంధ్రాల్లో. ‘17 జ్యుయెల్స్’ అని చెప్పుకునేవి ఆ కెంపులనే. కెంపుకూ ఉక్కుకూ మధ్య ఉండవలసిన నూనె పరిమాణం కంటికి ఆనీ ఆనని చుక్క మాత్రమే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చుక్క పక్కలకు పాకిపోతుంది, లేదా జిగురుగా గట్టిపడుతుంది. అందులో దుమ్ము కలిస్తే ఇక అది నూనెగా కాక సానరాయిలా పనిచేస్తుంది. కెంపు అరగదు కాబట్టి అరిగేది ఉక్కు మొనే. అయినా కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపే మెయిన్ స్ప్రింగుకు కావలసినదానికన్నా ఎక్కువ బలం ఉంటుంది గనుక, లోపల అరుగుతున్న సంగతి ముళ్లకు తెలియనివ్వకుండా వాచీని చాలాకాలం తోసుకుపోతుంది.

ఖర్చు లేకుండా మీరు ఇంట్లోనే చూసుకోగల పరీక్షలు రెండున్నాయి. మొదటిది, ఉదయం కీ పూర్తిగా ఇచ్చి, అది ఆగేదాకా ఎన్ని గంటలు నడిచిందో రాసుకోవడం. ఆరోగ్యంగా ఉన్న మెషీను 40 గంటలకు అటూ ఇటూగా నడవాలి. 25, 28 గంటలకే ఆగిపోతే నూనె ఎండిపోయిందనో, స్ప్రింగు అలసిపోయిందనో అర్థం. రెండవది, ఒక రోజు డయల్ పైకి ఉండేలా బల్ల మీద పడుకోబెట్టి, మరుసటి రోజు కీ మళ్లీ పూర్తిగా ఇచ్చి గోడకు ఆనించి నిలబెట్టి, రెండు రోజుల తేడానూ ఫోను గడియారంతో సరిచూడడం. ఒక భంగిమలో ముందుకూ మరో భంగిమలో వెనక్కూ పోయి, రెంటి మధ్య నిమిషానికి మించి తేడా వస్తే లోపల శుభ్రత కరవైందని అనుమానించవచ్చు. మీరు చెప్పిన ‘నిమిషం లోపే’ కూడా ఇలా ఒక వైపు తప్పును మరో వైపు తప్పు కప్పిపుచ్చగా మిగిలిన సగటు కావచ్చు. టిక్ శబ్దాన్ని మైకుతో విని లెక్క కట్టే ఫోను యాప్‌లు కూడా ఉన్నాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మైకును వాచీ వెనుక మూతకు ఆనిస్తే, రోజుకు ఎన్ని సెకన్ల తేడా అన్నది అవి బాగానే చెబుతాయి. టైమును పంచే బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఎంత కోణం ఊగుతోందన్న అంకెను మాత్రం మెకానిక్ దగ్గర టిక్ శబ్దాన్ని కొలిచే టైమ్‌గ్రాఫర్ యంత్రంలో చూడడమే మేలు. పూర్తిగా కీ ఇచ్చి పడుకోబెట్టినప్పుడు 250 డిగ్రీలకు పైన ఉంటే ఈ వయసు మెషీనుకు సంతోషించవలసిందే. 200 లోపు ఉంటే దాన్ని విప్పక తప్పదు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి రోజుకు ఐదారు నిమిషాలు ముందుకు పరిగెత్తుతుంటే అది చాలాసార్లు సర్వీసింగ్ జబ్బు కాదు. స్పీకరుకో, అయస్కాంతం ఉన్న ఫోను కవరుకో దగ్గరగా పెట్టడం వల్ల, బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. అయస్కాంతాన్ని పోగొట్టే చిన్న పరికరంతో ఆ పని అర నిమిషంలో అయిపోతుంది. దానికి పూర్తి సర్వీసింగ్ డబ్బు ఇవ్వకండి.

ఇక ధరల సంగతి. 250 రూపాయలకు సాధారణంగా జరిగేది, మూత తీసి, మెషీనును ఉన్నపళంగా పెట్రోలులో ముంచి ఆరబెట్టి, కనిపించిన చోటల్లా నూనె చుక్కలు వేయడం. వాచీ ఆ రోజు హుషారుగానే నడుస్తుంది. నా దగ్గరున్న పాత వాచీకి ఒక షాపులో ఇలాగే ‘ఫుల్ సర్వీస్’ జరిగింది. ఏడాది తిరగకుండానే ఆగిపోతే మరో మెకానిక్ నా ఎదుటే విప్పారు. ముంచినప్పుడు కరిగిన మురికి ఎక్కడికీ పోకుండా మధ్య చక్రం ఇరుసు చుట్టూ డికాక్షన్ రంగు ముద్దలా పేరుకుని ఉంది. కొత్త నూనె దాని మీదే పడింది.

నిజమైన ఓవర్‌హాల్‌లో ముందుగా స్ప్రింగులో మిగిలిన బలాన్ని మెల్లగా వదులుతారు. ఈ మెట్టు మరచిపోతే భాగాలను పట్టి ఉంచే బ్రిడ్జి విప్పగానే చక్రాలు గిర్రున తిరిగి పళ్లు విరుగుతాయి. తర్వాత ముళ్లు, డయల్, బ్యాలెన్స్, చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే ప్యాలెట్ ఫోర్కు, చక్రాలు, మెయిన్ స్ప్రింగు ఉండే డబ్బీ అయిన బ్యారెల్ వరుసగా బయటికి వస్తాయి. బ్యారెల్ మూత తీసి స్ప్రింగును కూడా బయటికి తీశారా లేదా అన్నదే పనితనానికి నేను పెట్టే కొలబద్ద. విడి భాగాలను అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగి, వేరే ద్రావకంలో జాడించి ఆరబెట్టి, చెక్కిన పుల్లతో కెంపుల రంధ్రాలను తిప్పి తుడిచి, ఇరుసు మొనలను భూతద్దం కింద పరీక్షిస్తారు. నూనె కూడా ఒకే రకం కాదు. నెమ్మదిగా, బరువుతో తిరిగే బ్యారెల్ దగ్గర చిక్కనిది, వేగంగా తిరిగే చక్రాలకు పలుచనిది, ప్యాలెట్ రాళ్ల అంచులకు మరొకటి వాడతారు. ప్యాలెట్ ఫోర్కు ఇరుసుకు మాత్రం సాధారణంగా నూనె అసలే వేయరు. ఎక్కువైన నూనె పక్కకు పాకుతూ తనతో పాటు ఉన్న నూనెను కూడా లాక్కుపోతుంది కాబట్టి, ధారాళంగా వేసేవాడు మంచి మెకానిక్ కాడు. చివరికి అన్నీ బిగించి, వేర్వేరు భంగిమల్లో టైము సరిచేసి, ఒకటి రెండు రోజులు నడిపి చూస్తారు. చేతిపనే మూడు నాలుగు గంటలు పడుతుంది. 1,800లో ఎక్కువ భాగం ఆ గంటల విలువే గనుక, కొత్త స్ప్రింగు కూడా అందులో కలిసి ఉంటే ఆ ధర నాకు న్యాయంగానే కనిపిస్తోంది. ఇదే పని స్విస్ వాచీకి కంపెనీ సర్వీసు కేంద్రంలో చేయిస్తే లెక్క వేలల్లోకి పోతుంది, పెద్ద బ్రాండ్లకైతే అర లక్ష దాటడం మామూలే.

ఎన్నేళ్లకోసారి అన్నదానికి కంపెనీల మాటే ఒకటిగా లేదు. ఒమెగా 5 నుంచి 8 ఏళ్లంటుంది, రోలెక్స్ సుమారు 10 ఏళ్లంటుంది. అవి దుమ్మూ చెమటా సులువుగా చొరబడని కేసులకు, సింథటిక్ నూనెలకు చెప్పిన లెక్కలు. జనతా కేసు అంత బిగుతైనది కాదు కాబట్టి రోజూ పెట్టుకుంటే 4, 5 ఏళ్లకోసారి చేయించడం మంచిది. పండగకో పెళ్లికో మాత్రమే తీసేవారు తేదీలు లెక్కపెట్టనక్కరలేదు; పైన చెప్పిన రెండు పరీక్షలూ ఏడాదికోసారి చేసుకుని, అంకెలు దిగజారినప్పుడు వెళ్తే సరిపోతుంది.

వాచీ ఇచ్చే ముందు మెకానిక్‌ను మూడు సంగతులు అడగండి: బ్యారెల్ విప్పుతారా, పనికి ముందూ తర్వాతా టైమ్‌గ్రాఫర్ అంకెలు ఫొటో తీసి ఇస్తారా, మార్చిన పాత భాగాలు తిరిగి ఇస్తారా. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసివేయాలని 2016లోనే ప్రభుత్వం నిర్ణయించింది గనుక, ఇప్పుడు దొరికే విడి భాగాలు చాలావరకు పాత మెషీన్ల నుంచి ఊడదీసినవే. అందుకే మీ వాచీవి మీకు తిరిగి రావాలి. డయల్ జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెప్పి, రసీదు మీద రాయించుకోండి. మరకలు పోగొడతామని కొత్తగా రంగు వేసి అక్షరాలు అచ్చొత్తిస్తే, మీ నాన్నగారు చూసిన ముఖం మళ్లీ రాదు.